సగటు 12.8, గ్రాఫు గంట ఆకారం, అయినా రూబ్రిక్ తప్పు

మార్కుల లిస్టు చూసి మా హెచ్ఎం సారు సంతోషపడ్డారు. తొమ్మిదో తరగతి, రెండు సెక్షన్లు, మొత్తం 80 వ్యాసాలు, ఒక్కో వ్యాసానికి 20 మార్కులు. సగటు 12.8 వచ్చింది. మరీ తక్కువ వచ్చినవాళ్లు లేరు, ఇరవైకి ఇరవై కొట్టినవాళ్లూ లేరు. కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే సారు గ్రాఫు గీసి ఇచ్చారు. మధ్యలో ఎత్తుగా లేచి రెండు పక్కలా కిందికి జారుతూ అచ్చం గుడి గంటలా ఉంది. "ఇంకేం కావాలి సార్, ఇంతకన్నా బాగా యాడొస్తాయి" అన్నారు హెచ్ఎం.

నాకు మాత్రం దిద్దేటప్పుడే రెండు పేపర్ల దగ్గర ఏదో తేడాగా అనిపించింది. రెండింటికీ 13 మార్కులే.

మేమిచ్చిన ప్రశ్న ఇది: "గంగజాతరలో మీకు నచ్చిన ఒక వేషం లేదా ఒక ఘట్టం గురించి, అది ఎందుకు నచ్చిందో రాయండి." తిరుపతి పిల్లలకు దీనికి గైడు అక్కర్లేదు. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగే వారమంతా బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం అంటూ ఊరే వేషం కట్టుకుంటుంది. మొదటి పేపరు రాసిన అమ్మాయి వాళ్ల తమ్ముడికి తోటి వేషం వేయడం గురించి రాసింది. పెరట్లో నిలబెట్టి ఒళ్లంతా బొగ్గుపొడి పూశారు, వేపమండలు కట్టారు. వీధిలోకి రాగానే ఒక ముసలామె వచ్చి వాడి కాళ్లకు మొక్కింది. "వాడికి ఏడేళ్లు. నవ్వాలో ఏడవాలో తెలియక నా వైపు చూశాడు. అప్పుడు వాడు మా తమ్ముడు కాదనిపించింది, నాకు భయమేసింది, అందుకే నాకు ఆ వేషం నచ్చింది" అని ముగించింది. రెండో పేపరు ఇలా మొదలవుతుంది: "జాతరలు మన సంస్కృతికి ప్రతీకలు. ఇవి మన పూర్వీకులు మనకు అందించిన అమూల్యమైన వరం." చివరిదాకా అదే వరస. గంగమ్మ పేరు తీసేసి ఇంకో దేవత పేరు పెట్టినా ఒక్క వాక్యం మార్చనక్కర్లేదు.

ఈ రెండింటికీ ఒకే మార్కు వచ్చిందంటే తప్పు పిల్లలది కాదు, దిద్దిన చేతిది కావచ్చు, చేతిలో ఉన్న కొలబద్దది కావచ్చు. ఆ కొలబద్ద తయారు చేసింది నేనే. మూడేళ్ల కిందట ఒక ట్రైనింగులో ఇచ్చిన నమూనా రూబ్రిక్ తెచ్చి, అక్కడా ఇక్కడా మార్చి, అప్పటినుంచీ వాడుతున్నాం. అయిదు అంశాలు, ఒక్కో అంశానికి 0 నుంచి 4 మార్కులు: విషయం, అమరిక, భాష, ఉదాహరణలు, శుభ్రత.

ముందు మొత్తం మార్కులే పరిచి చూశాను. 9 మార్కులు ఇద్దరికి, 10 అయిదుగురికి, 11 పదిమందికి, 12 పదహారుమందికి, 13 ఇరవై ఒక్కమందికి, 14 పద్నాలుగుమందికి, 15 ఎనిమిదిమందికి, 16 నలుగురికి. అంతే, 9 కింద ఎవరూ లేరు, 16 పైన ఎవరూ లేరు. ఇరవై మెట్ల నిచ్చెన వేస్తే 80 మందీ మధ్యలోని ఎనిమిది మెట్ల మీదే నిలబడ్డారు. అందులో 51 మంది 12, 13, 14 అనే మూడు మెట్ల మీద కిక్కిరిశారు. గంట బొమ్మ చూసిన కళ్లకు ఈ ఇరుకు కనపడదు, ఎందుకంటే గ్రాఫు గీసే సాఫ్ట్‌వేర్ అడ్డగీతను 0 నుంచి 20 దాకా వేయలేదు, 8 నుంచి 17 దాకానే వేసింది. 20 దాకా సాగదీసి గీయిస్తే గంట కాస్తా గోపురం మీది కలశమంత సన్నమైంది.

ఇంకో మాట. అయిదు అంశాల మార్కులు కలిపితే వచ్చే మొత్తం మధ్యలో గుమికూడటం మామూలే. ఒకదాంట్లో ఒక మార్కు ఎక్కువ, ఇంకోదాంట్లో ఒకటి తక్కువ పడి సర్దుకుపోతాయి. అయిదు పాచికలు కలిపి వేసి మొత్తం రాసుకుంటూ పోయినా గంట బొమ్మే వస్తుంది, పాచికలకు వ్యాసం చదవడం రాదు. అందుకని ఆ ఆకారాన్ని చూసి రూబ్రిక్ బాగుందని అనుకోకూడదు.

చూడాల్సింది ఒక్కో అంశాన్ని విడిగా. ఇది చేయడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. షీటులో ఒక్కో అంశానికి ఒక నిలువు వరస ఉంటే, ఏ మార్కు ఎంతమందికి వచ్చిందో ఒక్క ఫార్ములా లెక్కపెడుతుంది:

```
=COUNTIF(C2:C81,3)
```

C వరసలో 3 వచ్చినవాళ్లు ఎందరో ఇది చెబుతుంది. చివరి అంకె మార్చుకుంటూ పోవడమే. కంప్యూటర్ లేకపోతే కాగితం మీద గీతలు పెట్టుకున్నా పది నిమిషాల పని. మా 80 పేపర్లకు ఇలా వచ్చింది:

| అంశం | 0 | 1 | 2 | 3 | 4 | సగటు |
|---|---|---|---|---|---|---|
| విషయం | 0 | 2 | 14 | 58 | 6 | 2.85 |
| అమరిక | 0 | 4 | 13 | 59 | 4 | 2.79 |
| భాష | 0 | 9 | 27 | 31 | 13 | 2.60 |
| ఉదాహరణలు | 31 | 38 | 9 | 2 | 0 | 0.78 |
| శుభ్రత | 0 | 0 | 3 | 12 | 65 | 3.78 |

ఈ పట్టిక చూశాక ఆ 12.8 ఎక్కడినుంచి వచ్చిందో తెలిసింది. ఒక అంశం అందరికీ మార్కులు పంచిపెట్టింది, ఇంకో అంశం అందరి దగ్గరా లాక్కుంది, రెండూ కలిసి సగటును మర్యాదైన చోట నిలబెట్టాయి. మిగిలిన వాటిలో రెండు అంశాలు కళ్లు మూసుకుని అందరికీ 3 వేశాయి. ఒకే రూబ్రిక్‌లో మూడు జబ్బులూ ఉన్నాయి, మొత్తం మార్కు వాటన్నిటినీ కప్పేసింది.

ఇక్కడొక తేడా చెప్పుకోవాలి. దిద్దడం కఠినంగా ఉండటం వేరు, పిల్లలను విడదీయలేకపోవడం వేరు. ఒక అంశంలో సగటు 1.5 వచ్చినా, మార్కులు 0 నుంచి 4 దాకా పరుచుకుని ఉంటే అది కఠినమైనదే కానీ పనిచేస్తోంది. ఎవరు ముందున్నారో ఎవరు వెనకున్నారో చెబుతోంది. అదే సగటు 2.85 ఉండి, 80 మందిలో 58 మంది ఒకే అంకె మీద కూర్చుంటే అది మెత్తనా కఠినమా అన్న ప్రశ్నే లేదు, అది ఏమీ చెప్పడం లేదు. కాబట్టి సగటు కన్నా ముందు నేను చూసేది, ఏ ఒక్క మార్కు దగ్గర ఎంతమంది పోగయ్యారన్నది. సగానికి మించి ఒకేచోట ఉంటే ఆ అంశం దగ్గర ఆగుతాను. సగం అన్నది నా అలవాటు గీత, శాస్త్రం కాదు. ఒక్క సెక్షన్ 40 పేపర్లే అయితే రెండు మూడు పేపర్ల తేడాను పట్టించుకోను.

పట్టిక ఎక్కడ చూడాలో చెబుతుంది, ఎందుకలా ఉందో చెప్పదు. దానికి పేపర్లు మళ్లీ తీయాల్సిందే.

ముందు ఉదాహరణల సంగతి. సున్నా వచ్చిన 31 పేపర్లూ పక్కకు తీసి వరసగా చదివాను. నా రూబ్రిక్‌లో ఈ అంశం కింద రాసి ఉన్నది ఇది: నాలుగు మార్కులకు "సందర్భానికి తగిన మూడు సామెతలు లేదా సూక్తులు, మూలంతో సహా". మూడుకు రెండు. రెండుకు ఒకటి, మూలంతో. ఒకటికి సామెత ఉండి మూలం లేకపోతే. లేకపోతే సున్నా. చదువుతుంటే నాకే సిగ్గనిపించింది. సామెతకు మూలం ఎవరు చెబుతారు? ఎవరు అన్నారో తెలియకపోతేనే కదా అది సామెత. 38 మందికి ఒకటి వచ్చి అక్కడే ఆగిపోవడానికి కారణం ఇదే. తొమ్మిదో తరగతి పిల్లలు సామెత రాశారు, దానికి గ్రంథం పేరు రాయలేదు. ట్రైనింగులో ఇచ్చిన నమూనా బహుశా పెద్ద తరగతుల సాహిత్య వ్యాసానికి తయారు చేసింది, అక్కడ పద్యపాదం రాసి కవి పేరు రాయమనడం న్యాయమే. నేను ఆ వరసను అలాగే దించుకుని "పద్యపాదం" కొట్టేసి "సామెత" అని రాశాను.

కింద పోగయిన మార్కులు చూడగానే రూబ్రిక్ కఠినం అనేయకూడదు. కారణం మూడు రకాలుగా ఉండొచ్చు. పాఠం చెప్పకపోయి ఉండొచ్చు, ప్రశ్న దాన్ని అడగకపోయి ఉండొచ్చు, లేదా రూబ్రిక్ అందనంత ఎత్తులో పెట్టి ఉండొచ్చు. సున్నా పేపర్లు చదివితే ఏది నిజమో తెలుస్తుంది. పిల్లలు ఏమీ రాయలేక వదిలేసి ఉంటే అది పాఠం లోపం. మా 31 పేపర్లలో అలా లేదు. ఒకడు వాళ్ల అవ్వ అన్న మాట రాశాడు, ఇంకొకరు సున్నపుకుండలు మోసేవాళ్ల ఒంటిమీది తెల్ల చుక్కలు ఎలా పెడతారో రాశారు. తమ్ముడి వేషం రాసిన అమ్మాయి పేపరూ అందులోనే ఉంది. రాసిన వాటికి మార్కు వేసే చోటు మా రూబ్రిక్‌లో లేదు. ప్రశ్న "ఎందుకు నచ్చిందో" అడిగింది, రూబ్రిక్ సామెత అడిగింది. సంస్కృతికి ప్రతీక అని రాసిన పేపరుకు మాత్రం మధ్యలో ఒక సామెత ఇరికించినందుకు ఒక మార్కు దక్కింది.

శుభ్రత దగ్గర కథ చిన్నది. వ్యాసం క్లాసులో చిత్తు రాసి, ఇంట్లో సాఫు రాసి తెచ్చారు. సాఫు కాపీలో కొట్టివేతలు ఎందుకుంటాయి? నాలుగుకు మా షరతు "కొట్టివేతలు లేకుండా, చదవడానికి వీలుగా". 65 మందికి నాలుగు రావడంలో వింతేమీ లేదు. పైన పోగయినవన్నీ మెత్తని రూబ్రిక్ వల్లేనని కూడా కాదు. అందరూ నిజంగా నేర్చుకున్న విషయమైతే అందరికీ నాలుగు రావడం మంచి వార్త. కానీ అలాంటి అంశానికి మొత్తంలో అయిదో వంతు మార్కులు కేటాయించడం దండగ. అది ఉందా లేదా అని చూసి వదిలేసే విషయం.

విషయం, అమరిక అంశాల్లో 3 దగ్గర గుంపు ఎందుకు కట్టింది? ఇక్కడ అనుమానం ముందు మా మీదికి పోయింది. పేపర్లు దిద్దే వాళ్లకు మధ్యమార్గం సుఖం. 4 వేస్తే ఎవరైనా అడుగుతారు, 2 వేస్తే తల్లిదండ్రులు వస్తారు, 3 వేస్తే ఎవరూ రారు. ఇది ఒక మనిషి అలవాటా, రూబ్రిక్ మాటల లోపమా తెలుసుకోవడానికి మాకొక వీలు దొరికింది. ఎ సెక్షన్ నేను దిద్దాను, బి సెక్షన్ మా మేడమ్ దిద్దారు. ఇద్దరి లెక్కలూ విడదీసి చూశాను. విషయం కింద నేను 40లో 28 మందికి 3 వేశాను, ఆవిడ 30 మందికి వేశారు. ఇద్దరం వేరే గదుల్లో కూర్చుని, ఒకరిని ఒకరు అడక్కుండా, ఒకే చోట ఆగాం. అంటే మనిషి అలవాటుకన్నా మాట లోపమే ఎక్కువ. రూబ్రిక్ తీసి చూస్తే, 4: చాలా బాగా వివరించారు. 3: బాగా వివరించారు. 2: ఓ మోస్తరుగా వివరించారు. బాగాకూ చాలా బాగాకూ మధ్య గీత ఎక్కడుందో రాసిన నాకే తెలియదు. గీత కనపడనప్పుడు చెయ్యి 3 దగ్గరే ఆగుతుంది.

భాష ఒక్కటే నాలుగు మెట్ల మీదా చక్కగా పరుచుకుంది. ఈ ఒక్క అంశమైనా బాగా చేశాననుకున్నాను. ఇద్దరి లెక్కలూ విడదీశాక ఆ సంబరం కూడా పోయింది. నా సెక్షన్‌లో 1, 2, 3, 4 మార్కులు వరసగా 7, 18, 11, 4 మందికి వచ్చాయి. మేడమ్ సెక్షన్‌లో 2, 9, 20, 9 మందికి. నా సగటు 2.3, ఆవిడది 2.9. నా గుట్ట 2 మీద, ఆవిడ గుట్ట 3 మీద. రెండు గుట్టలు కలిపి చూసేసరికి విశాలమైన మైదానంలా కనపడింది.

బి సెక్షన్ పిల్లలకు నిజంగా భాష బాగా వచ్చి ఉండొచ్చు కదా. అది తేల్చడానికి చెరో అయిదు పేపర్లు, మార్కులు కప్పేసి, ఒకరివి ఒకరం దిద్దాం. పదింటిలో నాలుగింటికి ఇద్దరి మార్కూ ఒకటే. మిగిలిన ఆరింటిలోనూ మేడమ్ మార్కు నా మార్కు కన్నా ఒకటి ఎక్కువ. ఒక్కదాంట్లో కూడా నాది ఎక్కువ లేదు. పది పేపర్లు చిన్న లెక్కే, కానీ తేడా అంతా ఒకే దిక్కుకు పోతే కారణం పిల్లల్లో వెతకనక్కర్లేదు.

ఆ ఆరు పేపర్లు బల్ల మీద పరిచి ఎర్ర గీతలు పోల్చుకున్నాం. నేను గీత పెట్టినవాటిలో సగం "ఉండాది", "పోతా ఉండాము", "అనింది" లాంటి మాటలు. నేను కోస్తా వైపునుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాణ్ణి. మేడమ్‌ది చిత్తూరు దగ్గర పల్లె.

"ఉండాది అంటే తప్పెట్లవుతాది సార్? మా ఇంట్లో అందరమూ అట్లే కదా మాట్లాడేది" అన్నారు.

"వ్యాసంలో రాయకూడదు కదా మేడమ్."

"అవ్వ మాట్లాడిన మాట రాసేటప్పుడు కూడా 'ఉన్నది' అని రాయాల్నా? అప్పుడది మా అవ్వ ఎందుకవుతాది?"

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. రూబ్రిక్‌లో "భాషా దోషాలు లేకుండా" అని ఉంది, దోషం అంటే ఏమిటో లేదు. పిల్లలను విడదీస్తున్నట్టు కనిపించిన ఏకైక అంశం, కొంతవరకు, వాళ్ల పేపరు ఎవరి బల్ల మీద పడిందన్న దాన్నిబట్టి విడదీసింది. మార్కులు పరుచుకుని ఉంటే చాలదు. అలా పరుచుకోవడం దేనివల్ల వచ్చిందో కూడా చూడాలని అక్కడ తెలిసింది.

ఇక చివరి పరీక్ష. రూబ్రిక్ మంచి వ్యాసాన్ని మంచిదని చెబుతోందా అన్నది తేలాలంటే, రూబ్రిక్ తెలియని మనిషి ఒకరు కావాలి. మా స్కూల్లో సోషల్ చెప్పే సారు తెలుగు ఎం.ఏ. చదివినవారు. రెండు సెక్షన్లనుంచి పదిహేనేసి చొప్పున 30 పేపర్ల జెరాక్సులు, మార్కులు లేకుండా, ఆయనకిచ్చి మూడు కట్టలుగా పెట్టమన్నాం: బాగా రాసినవి, మామూలువి, బలహీనమైనవి. కారణాలు చెప్పనక్కర్లేదు, చదివి పెట్టేయండి చాలన్నాం. ఆయన 8, 14, 8గా పెట్టారు. మంచి కట్టలోనూ బలహీనం కట్టలోనూ సెక్షన్‌కు నాలుగేసి పేపర్లున్నాయి, కాబట్టి మా ఇద్దరి దిద్దే తీరులోని తేడా ఇక్కడ లెక్క తప్పించదు.

తర్వాత ఆ కట్టలకు మా పాత మార్కులు కలిపి చూశాం. మంచి కట్టలోని ఎనిమిది పేపర్ల మొత్తం 110. బలహీనం కట్టలోని ఎనిమిదింటి మొత్తం 98. అంటే సగటున 13.75, 12.25. చదివిన మనిషికి కొట్టొచ్చినట్టు కనపడిన తేడాకు మా రూబ్రిక్ కట్టిన విలువ ఇరవైలో ఒకటిన్నర మార్కు. ఆ 12 మార్కుల తేడాలో 8 ఒక్క భాషనుంచే వచ్చాయి. విషయంనుంచి 2, ఉదాహరణలనుంచి 2, అమరికనుంచి 1. శుభ్రత లెక్క తిరగబడింది, అందులో బలహీనం కట్టకే ఒక మార్కు ఎక్కువ. ఎక్కువ పేపర్లుంటే ఇదే పనిని ఇంకోలా చేస్తారు: మొత్తం మార్కుల్లో పైనున్న 27 శాతాన్నీ కిందున్న 27 శాతాన్నీ తీసుకుని ఒక్కో అంశంలో తేడా చూస్తారు. ప్రశ్నపత్రాల విశ్లేషణలో ఇది పాత పద్ధతి. కానీ అందులో పై వరసా కింది వరసా నిర్ణయించేది కూడా ఆ రూబ్రిక్ మార్కులే. రూబ్రిక్ మీదే అనుమానం ఉన్నప్పుడు బయటి మనిషి కట్టలే నాకు నమ్మకం.

కొత్త రూబ్రిక్ రాయడానికి ఒక శనివారం మధ్యాహ్నం పట్టింది. 'విషయం' తీసేసి 'కారణం' అని పెట్టాం, ప్రశ్న అడిగింది అదే కాబట్టి. నచ్చిన కారణం చెప్పి, దాన్ని అక్కడ జరిగినదానితో ముడిపెడితే 4. కారణం ఉండి ముడి లేకపోతే 3. "చాలా బాగుంది, ఆనందం కలిగింది" అన్నదే కారణమైతే 2. ఘట్టం చెప్పి కారణం చెప్పకపోతే 1. ప్రశ్నతో సంబంధమే లేకపోతే 0. ఇందులో "బాగా" అన్న మాట లేదని గమనించండి. ప్రతి మెట్టు దగ్గరా పేపరులో వేలు పెట్టి చూపగలిగిన వస్తువొకటి ఉండాలన్నది మేం పెట్టుకున్న నియమం.

ఉదాహరణల స్థానంలో 'వివరాలు'. అక్కడ ఉన్నవాళ్లే రాయగలిగిన వివరాలు మూడుంటే 4, రెండుంటే 3, ఒకటుంటే 2, అందరికీ తెలిసినవే ఉంటే 1, ఏవీ లేకపోతే 0. శుభ్రతను మార్కుల్లోంచి తీసేసి, చదవలేకుండా ఉంటే తిరిగి రాయించడం అని పెట్టాం. దాని నాలుగు మార్కులూ భాషకు ఇచ్చి, భాషను రెండుగా చీల్చాం: అక్షర దోషాలు, వాక్యం. అక్షర దోషాలకు మొదటి పేజీలో వేరువేరు తప్పులే లెక్క, ఒకే తప్పు పదిసార్లు చేసినా ఒకటే. ఎవరో మాట్లాడిన మాటగా రాసినప్పుడు యాసకు గీత పెట్టకూడదు. కథనంలో యాస వస్తే కింద గీత పెట్టి చెప్పాలి, మార్కు తీయకూడదు. ఈ చివరి దాని మీద నాకు ఇప్పటికీ పూర్తిగా మనసొప్పలేదు, కానీ ఇద్దరం ఒకేలా దిద్దడం ముఖ్యం కదా అని ఒప్పుకున్నాను.

అమరిక మాటలు కొంచెం మార్చాం, అంతే. అప్పటికే సాయంత్రం ఆరు దాటింది.

అవే 30 పేపర్లు కొత్త రూబ్రిక్‌తో ఇద్దరం విడివిడిగా దిద్ది, తేడా వచ్చినచోట మాట్లాడుకుని తేల్చాం. కారణం అంశంలో 21 పేపర్లకు ఇద్దరి మార్కూ ఒకటే, ఎనిమిదింటికి ఒక మార్కు తేడా, ఒకదానికి రెండు. మొత్తాలు 5 నుంచి 19 దాకా పరుచుకున్నాయి. మంచి కట్ట సగటు 16, బలహీనం కట్ట సగటు 7.75. ఒకటిన్నర మార్కు ఉన్నచోట ఎనిమిది మార్కుల పైన తేడా వచ్చింది. తమ్ముడి వేషం పేపరుకు 18, సంస్కృతికి ప్రతీక పేపరుకు 8. ఇంతా చేస్తే 30 పేపర్ల సగటు 12.1. హెచ్ఎం సారు చూసే అంకె దాదాపు కదలనే లేదు.

దీన్ని నేను పూర్తిగా నమ్మలేదు. కట్టలు చూశాక దిద్దాం కాబట్టి, ఏ పేపరు ఏ కట్టలోదో కొన్ని గుర్తున్నాయి. తమ్ముడి పేపరు ఎవరు మరిచిపోతారు? పైగా అవే పేపర్లలో కనపడిన లోపాలకు మందు రాసి, అవే పేపర్ల మీద పనిచేసిందని చెప్పుకోవడం చొక్కా కొలతలు తీసుకున్న మనిషికే తొడిగి సరిపోయిందనడం లాంటిది. అందుకని మొదటిసారి వేసిన మార్కులు ఎవరికీ మార్చలేదు. ముప్పైమందికి మార్చి యాభైమందికి వదిలేయడం అన్యాయం కూడా. క్లాసులో మాత్రం కొత్త రూబ్రిక్ బోర్డు మీద రాసి, పాత దాంట్లో ఏం తప్పు జరిగిందో చెప్పాను. "మూలం లేదని మార్కు తీసేసింది మీరే కదా సార్" అన్నాడు వెనక బెంచీ కుర్రాడొకడు. అవునన్నాను.

అసలు పరీక్ష నవంబరులో. ఈసారి ప్రశ్న "మీ ఇంట్లో ఒకరు రోజూ చేసే పని". 78 మంది రాశారు. కొండకు జీపు నడిపే నాన్న, తెల్లవారుజామున పూలు కట్టే అమ్మ, ఇలా రకరకాలుగా వచ్చాయి. మొత్తాలు 6 నుంచి 19 దాకా, సగటు 12.4. వివరాలు అంశంలో 0 నుంచి 4 దాకా వరసగా 4, 15, 27, 22, 10 మంది. మేడమ్ సగటుకూ నా సగటుకూ అక్షర దోషాల్లో తేడా 0.1కి దిగింది. అమరిక తప్ప మిగిలిన నాలుగు అంశాల్లోనూ ఏ ఒక్క మార్కు దగ్గరా 30 మందికి మించి పోగవలేదు.

అమరిక దగ్గర మాత్రం 78 మందిలో 49 మంది మళ్లీ 3 మీదే ఉన్నారు. మాటలు మార్చినా కదల్లేదు. మళ్లీ రూబ్రిక్ సరిచేద్దామని కూర్చున్నాం. మేడమ్ ఆ 49 పేపర్లలోంచి పది తీసి, చదవకుండా, పేరాలు మాత్రం లెక్కపెట్టారు. పదింటికి పదిలోనూ మూడే పేరాలు: ఉపోద్ఘాతం, విషయం, ముగింపు. ఉపోద్ఘాతంలో నాలుగు వరసలు, ముగింపులో మూడు.

"ఇది రూబ్రిక్‌ది కాదు సార్" అన్నారు ఆవిడ, పేపర్లు నా వైపు జరుపుతూ. "జూన్‌లో బోర్డు మీద ఇట్లే రాయమని రాసిచ్చింది మీరే కదా."